మూడు రోజులు కాదు, 17వ తేదీ వరకు అడగండి

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. టైఫాయిడ్‌తో నెల రోజులు చిత్తూరులో మా ఇంట్లోనే మంచం పట్టి, నిన్న ఆదివారం హాస్టల్‌కు వచ్చాను. చంద్రగిరి కోట మీద 12 పేజీల అసైన్‌మెంట్ ఈ శుక్రవారం, 6వ తేదీకి ఇవ్వాలి. నాలుగు పేజీలే రాశాను, కోట ఇంకా చూడలేదు. మేడమ్ చాలా కఠినం. మూడు రోజులు అడిగితే కాదనరని అమ్మ అంటోంది. తనే ఫోన్ చేస్తానంటోంది. ఏం చేయను?

జవాబు: మూడు రోజులైతే మేడమ్ ఒప్పుకోవచ్చు. చిక్కంతా 9వ తేదీన వస్తుంది. ఆ రోజు మళ్లీ గడువు అడిగితే, నిజమైన జబ్బు కూడా సాకులాగే వినిపిస్తుంది. ముందు తేదీ లెక్క తేల్చుకోండి.

టైఫాయిడ్‌లో జ్వరం తగ్గినా నీరసం వారాల తరబడి వదలదు. కొందరికి రెండు మూడు వారాల్లో తిరగబెడుతుంది కూడా. జబ్బుకు ముందు రోజుకు ఎన్ని పేజీలు రాసేవారో ఆ లెక్క ఇప్పుడు పనికిరాదు. ఈ సాయంత్రం కూర్చుని చూడండి, తల బరువెక్కేలోపు ఎంత సాగుతుందో తెలుస్తుంది. ఒక పేజీ అనుకుందాం. మిగిలిన ఎనిమిది పేజీలకు ఎనిమిది రోజులు. కోటకు ఒక రోజు, ఎండలో తిరిగొచ్చాక విశ్రాంతికి మరో రోజు. రాజమహల్‌లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు వెళ్లకండి. సరిచూసి శుభ్రంగా తిరగరాయడానికి మూడు రోజులు, ఒళ్లు సహకరించని రోజుల కోసం రెండు. మొత్తం 15. రేపు 3వ తేదీన మొదలుపెడితే 17కు పూర్తవుతుంది.

శుక్రవారం దాకా ఆగకుండా రేపే, క్లాసు అయ్యాక స్టాఫ్ రూమ్‌లో కలవండి. అమ్మ ఫోన్ వద్దు. పీజీ విద్యార్థిని తరఫున ఇంట్లోవాళ్లు మాట్లాడటం చాలామంది అధ్యాపకులకు నచ్చదు. చేతిలో ఈపాటి ఉత్తరం చాలు:

“మేడమ్, టైఫాయిడ్ వల్ల నెల రోజులు క్లాసులకు రాలేకపోయాను. డాక్టరు సర్టిఫికెట్, ఇప్పటివరకు రాసిన నాలుగు పేజీలు జతపరిచాను. కోట చూసి మిగతా ఎనిమిది పేజీలు పూర్తిచేయడానికి 17వ తేదీ వరకు గడువు ఇవ్వమని కోరుతున్నాను. 10వ తేదీన అప్పటికి పూర్తయిన భాగం చూపిస్తాను.”

జ్వరం ఎంత వచ్చింది, ఎన్ని సెలైన్లు ఎక్కించారు, ఇవేవీ అక్కర్లేదు. ఆవిడ చూసేది ఆ నాలుగు పేజీలనూ, తేదీనీ.

ఇంటర్నల్ మార్కులు పంపే గడువు 17 కంటే ముందే ఉంటే మేడమ్ చేతిలోనూ ఏమీ ఉండదు. ఆ తేదీ ఎప్పుడో అక్కడే అడగండి. 12వ తేదీ అంటే, సరేనని తలూపి రాకండి. “అప్పటికి కోట చూసి మొత్తం ఎనిమిది పేజీలైతే ఇవ్వగలను, తీసుకుంటారా మేడమ్?” అని అడగండి. ఒప్పుకున్న తేదీని ఆ ఉత్తరం మీదే వేసి సంతకం చేయమని కోరి, ఫోనులో ఫోటో తీసుకోండి.