ఆడియోబుక్ కొటేషన్ కోసం స్టూడియోకి ఉత్తరం: నేను రెండోసారి రాసింది

ప్రశ్న: మా నాన్నగారి కథల సంపుటిని ఆడియోబుక్ చేయించాలనుకుంటున్నాను. ఎంత అవుతుందో, ఎన్నాళ్లు పడుతుందో అడుగుతూ రికార్డింగ్ స్టూడియోకి ఉత్తరం రాయాలి. అందులో ఏమేం ఉండాలి? ఎవరైనా రాసి ఉంటే నమూనా పెట్టగలరా?

జవాబు:

మా అత్తయ్య నవలకి ఈ పని చేయించినప్పుడు నేను ఉత్తరం రెండుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటిది మూడు ముక్కలు: 212 పేజీల నవల ఉంది, ఆడియోబుక్ చేయాలి, ఖర్చూ గడువూ చెప్పండి. మూడు స్టూడియోలకి పంపితే మూడు జవాబులు వచ్చాయి కానీ దేన్నీ దేనితోనూ పోల్చే వీల్లేదు. ఒకరు స్టూడియోలో గడిపే గంటకి ఇంత అన్నారు. ఇంకొకరు పూర్తయిన గంటకి, అంటే ఎడిటింగ్ అంతా అయ్యాక చివరికి మన చెవిన పడే గంటకి ఇంత అన్నారు. మూడోవారు మొత్తానికి ఒక అంకె చెప్పి ఊరుకున్నారు.

మొదటి రేటు రెండోదాంట్లో మూడో వంతే ఉండేసరికి నేను సంబరపడిపోయాను. తెలిసిన సౌండ్ ఇంజనీరు ఒకాయన లెక్క విప్పి చూపించాడు. ఒక గంట ఆడియో తేలడానికి బూత్‌లో రెండు, రెండున్నర గంటలు పోతాయట. చదివేటప్పుడు తడబాటు, మళ్లీ చదవడం, మంచినీళ్లు, పక్క గదిలో తలుపు చప్పుడు, అన్నీ అందులోనే. పైగా ఆ రేటులో ఎడిటింగ్ లేదు, చదివే మనిషి ఖర్చు లేదు. అన్నీ కలిపితే అదే అన్నిటికన్నా ఎక్కువ అయ్యేట్టుంది. అందుకే మీ ఉత్తరంలో రేటు పూర్తయిన గంటకే చెప్పమని అడగండి, అందులో ఏమేం కలిసున్నాయో విడివిడిగా రాయమనండి.

అలా అడగాలంటే మీ పుస్తకం ఎన్ని గంటలు వస్తుందో ముందు మీకు తెలియాలి. నెట్‌లో దొరికే 'గంటకి 9,300 పదాలు' అనే లెక్క ఇంగ్లీషుది, దాన్ని నమ్ముకోవద్దు. 'వెళ్లిపోతున్నాడనుకున్నాను' అన్నది మనకి ఒక్క పదం. ఇంగ్లీషులో అదే నాలుగైదు పదాలవుతుంది. పదాలు లెక్కపెట్టి ఆ సంఖ్యతో భాగిస్తే అసలు నిడివి కన్నా బాగా తక్కువ తేలుతుంది. నేను చేసింది ఇది: నవల మొదట్లోంచి నాలుగు పేజీలు, సంభాషణలు ఎక్కువున్న చోటునుంచి నాలుగు, వర్ణనలున్న చోటునుంచి నాలుగు తీసుకుని, కథ చెప్పే వేగంతో పైకి చదివి ఫోన్‌లో టైం చూశాను. 12 పేజీలకి 33 నిమిషాలు, అంటే పేజీకి రెండు ముప్పావు నిమిషాలు. 212 పేజీలకి 583 నిమిషాలు, సుమారు పది గంటలు. చివరికి వచ్చిన ఆడియో తొమ్మిది గంటల యాభై నిమిషాలు. మీవి కథలు కాబట్టి ఒక్కో కథ ఒక్కో తీరున నడుస్తుంది. పొడుగు కథలు రెండింట్లోంచి, పొట్టి కథ ఒకదాంట్లోంచి పేజీలు తీసుకోండి.

ఇక గొడవలు వచ్చేది రీటేకుల దగ్గర. చదివే మనిషి తప్పు చదివితే దాన్ని ఉచితంగా సరిచేయడం న్యాయం. మనం వాక్యం మార్చుకుంటే డబ్బు ఇవ్వడమూ న్యాయమే. కానీ ఈ రెండింటికీ మధ్య ఒక రకం ఉంది, అక్కడే మాటా మాటా వస్తుంది. పుస్తకంలో '1956' అని ఉంటుంది. 'పంతొమ్మిది వందల యాభై ఆరు' అని చదవాలా, 'నైన్టీన్ ఫిఫ్టీ సిక్స్' అనా? రైతు పాత్ర నోట రెండోది వస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. అలా చదివాక అది ఆయన తప్పా, మనం ముందు చెప్పకపోవడమా? 'చ' సంగతీ అంతే. 'చలి', 'చాప' అనేటప్పుడు పలికే దంత్య చకారం వేరు, 'చంద్రుడు'లో పలికేది వేరు. అచ్చులో మాత్రం రెంటికీ ఒకటే అక్షరం. వార్తలు చదివి అలవాటైన గొంతులు కొన్ని రెంటినీ ఒకేలా పలికేస్తాయి, పల్లెటూరి సంభాషణల్లో అది వెంటనే చెవికి తగులుతుంది. అందుకని అంకెలు, పొడి అక్షరాలు, ఊళ్ల పేర్లు, మాండలికపు మాటలు ఎలా పలకాలో రెండు పేజీల ఉచ్చారణ పట్టిక నేనే తయారుచేసి ఇస్తానని ఉత్తరంలోనే రాశాను. ఆ పట్టికలో ఉన్నది తప్పు చదివితే వాళ్ల ఖర్చు, లేనిదైతే నా ఖర్చు. తర్వాత ఈ విషయంలో ఒక్క మాట కూడా పెరగలేదు.

షెడ్యూల్ దగ్గర ఆలస్యం చేసింది స్టూడియో కాదు, నేనే. పది గంటల ఆడియోకి బూత్‌లో 23, 24 గంటలు అనుకుంటే, రోజుకి మూడు గంటల చొప్పున ఎనిమిది సెషన్లు. రోజంతా కూర్చోబెట్టి మూడు రోజుల్లో ముగిద్దామని అడగకండి. నాలుగో గంట దాటాక గొంతు బరువెక్కుతుంది. ఆ ముక్క పక్కన మర్నాడు పొద్దున చదివిన ముక్క పెడితే ఇద్దరు మనుషులు చదివినట్టు ఉంటుంది. సెషన్లు మూడు వారాల్లో అయిపోయాయి. ఆ తర్వాత పుస్తకం పక్కన పెట్టుకుని తప్పులు పట్టే పని నాది. పది గంటల ఆడియో వినడానికి పది గంటలు చాలవు. ఆపి, వెనక్కి తిప్పి, రాసుకుంటూ వింటే పదిహేను అయ్యాయి. ఆఫీసు నుంచి వచ్చాక అరగంటా గంటా విని, నెల తర్వాత జాబితా పంపాను. ఈలోగా స్టూడియోలో మైకు మారింది, చదివినావిడకి జలుబు చేసి తగ్గింది. రీటేకులు అతుకుల బొంతలా వినిపించాయి, కొన్ని పేజీలు మొత్తం మళ్లీ చదివించాల్సి వచ్చింది. విడతలు విడతలుగా ఫైళ్లు తెప్పించుకుని వెంటవెంటనే వినడమే దీనికి మందు.

ఆ జాబితాలో మొదటి తప్పు ఏమిటో తెలుసా? 'చాప పరుచుకుని పడుకుంది' అన్నది 'చేప పరుచుకుని' అయింది. అత్తయ్య ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నేను రెండోసారి పంపిన ఉత్తరం కింద పెడుతున్నాను. రీటేకుల గొడవ ముందే ఊహించి రాసుకున్నాను. విడతల వాక్యం మాత్రం అప్పుడు లేదు, దెబ్బ తిన్నాక మీకోసం చేర్చాను.

---

స్టూడియో నిర్వాహకులకు, నమస్కారం.

విషయం: తెలుగు నవల ఆడియోబుక్ రికార్డింగ్‌కు కొటేషన్, షెడ్యూల్ కోరుతూ

మా వద్ద 212 పేజీల తెలుగు సాంఘిక నవల ఉంది. 24 అధ్యాయాలు. పైకి చదివి చూసిన లెక్క ప్రకారం పూర్తయిన ఆడియో సుమారు 10 గంటలు వస్తుంది. సంభాషణల్లో మూడో వంతు మాండలికంలో ఉంటాయి. నాలుగు చోట్ల పద్యాలున్నాయి, వాటిని రాగం లేకుండా చదివితే చాలు. నేపథ్య సంగీతం అక్కర్లేదు. ఆడియో హక్కుల కోసం రచయిత్రి ఇచ్చిన రాతపూర్వక అనుమతి మా దగ్గర ఉంది.

ఒకే స్త్రీ గొంతు కావాలి. మీ దగ్గర చదివేవారు ఉంటే, దీంతో జతచేసిన రెండు పేజీలను ఇద్దరు ముగ్గురి చేత చదివించి నమూనాలు పంపగలరా? నమూనాకు రుసుము ఉంటే ముందే తెలియజేయండి.

దయచేసి రేటును పూర్తయిన గంటకు తెలపండి. చదివేవారి పారితోషికం, రికార్డింగ్, ఎడిటింగ్, పుస్తకంతో సరిచూడడం, మాస్టరింగ్, వీటిలో ఏవి అందులో కలిశాయో, ఏవి కలవలేదో, పన్ను కలిపారో లేదో విడిగా రాయండి. నిడివి పది గంటలు దాటినా, తగ్గినా అదే రేటు వర్తిస్తుందా?

ఉచ్చారణ పట్టిక రికార్డింగ్‌కు వారం ముందు ఇస్తాము. పుస్తకానికి, పట్టికకు భిన్నంగా చదివిన చోట్ల రీటేకులు రేటులోనే కలిసి ఉండాలని కోరుతున్నాము. మేము చేసే మార్పులకు విడిగా ఎంత తీసుకుంటారో తెలపండి.

ఎడిట్ చేసిన అధ్యాయాలను ఆరేసి చొప్పున పంపితే, మూడు రోజుల్లో విని సవరణల జాబితా ఇస్తాము. రీటేకులు అదే గదిలో, అదే మైకుతో జరగాలి. మీకు వీలైన మొదటి తేదీ, వారానికి ఎన్ని సెషన్లు కుదురుతాయి, ఆఖరి ఫైళ్లు ఏ తేదీకి అందుతాయి అన్నది తెలియజేయండి.

అధ్యాయానికి ఒక ఫైలు చొప్పున, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ మాస్టర్లు, 192 కేబీపీఎస్ ఎంపీ3 ఫైళ్లు రెండూ కావాలి. సగటు ధ్వని స్థాయి -23, -18 డెసిబెల్స్ మధ్య, గరిష్ఠం -3 డెసిబెల్స్ లోపు, నిశ్శబ్దంలో రొద -60 డెసిబెల్స్ కన్నా తక్కువ ఉండాలి. ఫైళ్లపై హక్కు పూర్తి చెల్లింపు తర్వాత మాదే అవుతుందని ఒప్పందంలో రాయగలరా?

చెల్లింపు విడతలు, కొటేషన్ ఎంతకాలం చెల్లుతుంది అన్నవి కూడా తెలపగలరు.

ఇట్లు,
(పేరు, ఫోన్)

---

డెసిబెల్స్ అంకెలు ఏసీఎక్స్ అనే ఆడియోబుక్ వేదిక అడిగే కొలతలు. మీరు పెట్టబోయే యాప్ వాళ్లు వేరేవి అడిగితే అవే రాయండి. నాకైతే అప్పటికి అవేమిటో అర్థం కాలేదు, కానీ ఆ ఒక్క పేరా వల్ల ఒక స్టూడియో తనంతట తానే తప్పుకుంది. సినిమా డబ్బింగే చేస్తాం, ఇంత పొడుగు చదువుకి మా గది సరిపోదని నిజాయితీగా చెప్పారు.

జతచేసే రెండు పేజీలు అందమైనవి కాకుండా కష్టమైనవి ఎంచుకోండి. నేను ఒక ఏడాది సంఖ్య, ఒక పద్యం, ముగ్గురి గొడవ ఉన్న పేజీలు పంపాను. వచ్చిన ఐదు గొంతుల్లో మూడు పద్యం దగ్గరే తేలిపోయాయి. మిగతా రెంటిలో ఒకావిడ నమూనాతో పాటు 'ఈ అవ్వకి పళ్లున్నాయా?' అని అడుగుతూ ఒక చీటీ పంపింది. పని ఆవిడకే ఇచ్చాం.