అంబులెన్స్ చెక్‌షీట్‌లో ఆక్సిజన్ ఎంతుందో అంకె రాయండి

ప్రశ్న: చిత్తూరులో అంబులెన్స్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. డ్యూటీ ఎక్కగానే ఆక్సిజన్, స్ట్రెచర్, మందులు చూసి సంతకం పెట్టమంటున్నారు. అందరూ టిక్కులు పెట్టేసి పోతున్నారు. అసలు ఏం చూడాలన్నా?

జవాబు: ఆక్సిజన్ గడిలో టిక్ పెట్టకండి. గేజ్‌లో ముల్లు ఎంత చూపిస్తోందో ఆ అంకె రాయండి.

వాల్వ్ మూసి ఉన్నప్పుడు ముల్లును నమ్మొద్దు. రెగ్యులేటర్‌లో చిక్కుకున్న గ్యాస్ వల్ల ఖాళీ సిలిండర్ కూడా నిండుగా కనిపించవచ్చు. వాల్వ్ నెమ్మదిగా పూర్తిగా తిప్పి, ఫ్లో మీటర్ 10 మీద పెట్టండి. ముల్లు వెంటనే పడిపోతే వాల్వ్ సరిగా తెరుచుకోలేదు, లేదంటే గ్యాస్ అయిపోవచ్చింది.

ఇక లెక్క. మా బండిలోని బి టైప్ సిలిండర్ నీటి కొలత సుమారు 10 లీటర్లు. ముల్లు 60 బార్ దగ్గర ఉంటే 60 ఇంటూ 10, అంటే 600 లీటర్ల ఆక్సిజన్. పేషెంట్‌కు నిమిషానికి 10 లీటర్లు పెడితే గంట వస్తుంది. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్ల పైమాటే, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. దారి మధ్యలోనే అయిపోతుంది! అందుకే ముల్లు 100 దాటకపోతే ఆ సిలిండర్ మార్చాకే దూరం కేసుకు వెళ్లేవాళ్లం.

అంకె రాస్తే ఇంకో లాభం ఉంది. ఒకసారి మా షీట్‌లో రాత్రి 130 ఉంది, పొద్దున 90. మధ్యలో ఒక్క ట్రిప్ కూడా లేదు. రెగ్యులేటర్ జాయింట్‌కు సబ్బునీళ్లు రాస్తే బుడగలు వచ్చాయి. వాషర్ అరిగిపోయింది. రెండు చోట్లా టిక్కులే ఉంటే అది ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ నూనె, గ్రీజు మాత్రం ఎప్పుడూ తగలనివ్వకండి, మంట పుట్టే ప్రమాదం ఉంది.

స్ట్రెచర్‌ను లోపలికి తోసి, లాక్ పడ్డాక గట్టిగా వెనక్కి లాగండి. కదిలితే ఆ బండిని భాకరాపేట ఘాట్ వైపు పంపొద్దు. బెల్టుల బకిల్స్ ఒక్కొక్కటీ పెట్టి తీయండి.

మందుల పెట్టెకు సీల్ ఉండి, నంబరు నిన్నటిదే అయితే రోజూ లెక్కపెట్టక్కర్లేదు. తెగి ఉంటే మొత్తం లెక్కపెట్టాలి. లేబుల్ మీద గడువు నెల మాత్రమే ఉంటే ఆ నెలాఖరు దాకా చెల్లుతుంది. అడ్రినలిన్ ఆంప్యూల్‌లో మందు రంగు మారి ఉంటే గడువు ఉన్నా పక్కన పెట్టేయండి. మన ఎండల్లో బండిని బయట ఆపితే లోపల వేడి చాలా ఎక్కువ ఉంటుంది కదా.

సంతకం డ్యూటీ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఇద్దరూ బండి దగ్గరే పెట్టాలి. ఏదైనా లేకపోతే ఆ గడి ఖాళీగా వదలకండి. ఏం లేదో, ఎవరికి ఎన్ని గంటలకు ఫోన్ చేశారో రాసి, దాని కిందే సంతకం పెట్టండి.