దారులు తప్పే దోస్తు కోసం రెండు నిమిషాల మాట

"వచ్చే నెల నా ప్రాణ స్నేహితుడి రిసెప్షన్, ఇక్కడే హైదరాబాద్‌లో. స్టేజి ఎక్కి రెండు నిమిషాలు మాట్లాడమంటున్నాడు. జనం నవ్వాలి, అత్తవారి వైపు వాళ్లు నొచ్చుకోకూడదు. ఎలా రాసుకోవాలి? ఎవరైనా మాట్లాడి ఉంటే ఆ మాటలు పెట్టగలరా?"

ముందు మీవాడి అలవాటు ఒకటి పట్టుకోండి. అందరికీ తెలిసినదై ఉండాలి, వాళ్లమ్మ కూడా రోజూ విసుక్కునేదై ఉండాలి, కానీ పరువు తీసేది కాకూడదు. తర్వాత, ఆ అలవాటుకు పూర్తి విరుద్ధంగా వాడు నడుచుకున్న రోజు ఒకటి గుర్తు తెచ్చుకోండి. మొదటిది నవ్విస్తుంది, రెండోది వాడు ఎలాంటి మనిషో చూపిస్తుంది. రెండు నిమిషాల్లో ఇంతకు మించి పట్టదు. కాలేజీ కబుర్లు, గోవా ట్రిప్పు, హాస్టల్ వంట, అన్నీ చెప్పాలనిపిస్తుంది కానీ అవన్నీ పెడితే ఏ ఒక్కటీ జనం మనసులో నిలవదు.

నా స్నేహితుడి రిసెప్షన్ నాగోల్ వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో జరిగింది. అమ్మాయి వాళ్లది రాజమండ్రి. వాడికి దారులు అస్సలు గుర్తుండవు, పుట్టి పెరిగిన ఊళ్లోనే మ్యాప్ పెట్టుకుని తిరుగుతాడు. దాన్నే పట్టుకున్నాను. నేను మాట్లాడింది ఇది:

"అందరికీ నమస్కారం. నేను పెళ్లికొడుకు స్నేహితుణ్ని. ఇంటర్ నుంచి ఇద్దరం కలిసే తిరుగుతున్నాం. మావాడు బండి నడిపితే అది నిజంగా తిరగడమే. మెహిదీపట్నం నుంచి అత్తాపూర్ వెళ్లాలంటే ఫ్లైఓవర్ కింద నుంచి పోవాలి. వీడు కబుర్లలో పడి పైకి ఎక్కేస్తాడు. రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దలకు చెబుతున్నా, ఆ ఫ్లైఓవర్ పదకొండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. చివర దిగేసరికి ఆరాంఘర్, ఇంకా ముందుకు పోతే ఎయిర్‌పోర్ట్. ఇడ్లీ తిందామని బయల్దేరి విమానాలు చూసి ఇంటికొచ్చిన రోజులున్నాయి మాకు.

అలాంటివాడికి ఒక రాత్రి రెండింటికి ఫోన్ చేశాను. నాన్నకు గుండెనొప్పి అన్నాను, పంజాగుట్టలో ఆసుపత్రి పేరు చెప్పి పెట్టేశాను. మేం అంబులెన్స్ దిగేసరికి ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర స్ట్రెచర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రాత్రి వీడు ఒక్క మలుపు కూడా తప్పలేదు. నాన్న ఇవాళ మూడో వరసలో కూర్చుని ఉన్నారు.

చెల్లెమ్మా, కార్లో కూర్చున్నప్పుడు మాత్రం దారి నువ్వే చెప్పు, వీణ్ని నమ్మొద్దు. కానీ మీ ఇంట్లో ఎవరికి కష్టమొచ్చినా వీడికి దారి చెప్పక్కర్లేదు. అందరికంటే ముందే అక్కడ ఉంటాడు.

ఒరేయ్, జీవితంలో ఈ ఒక్క అడ్రస్‌కి మాత్రం ఎవర్నీ అడగకుండా సరిగ్గా చేరుకున్నావు. మా అందరి చేతుల్లో ఇప్పుడు అక్షింతలు లేవు, అందుకని చప్పట్లతోనే ఈ ఇద్దర్నీ దీవించండి."

ఇంతే. నవ్వులకు ఆగుతూ మాట్లాడితే రెండు నిమిషాలు పట్టింది. తెలుగులో మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు లెక్కలు మనకు పనికిరావు, స్టేజి మీద తొందరపడకుండా మాట్లాడితే నిమిషానికి తొంభై, వంద మాటలు చాలు. మీరు రాసింది ఒక పేజీ దాటిందంటే రెండు నిమిషాల్లో ముగియదు.

ఇందులో రాజమండ్రి పెద్దల వాక్యం మొదట లేదు. ఊళ్లో ఉండని మా బాబాయికి చదివి వినిపిస్తే "ఆరాంఘర్ అయితే ఏంటి?" అన్నారు. హైదరాబాద్ వాళ్లకు ఆ పేరు వినగానే నవ్వొస్తుంది, పెళ్లికూతురి తరఫు వాళ్లకు మాత్రం అది ఎక్కడుందో తెలియదు. సగం హాలు నవ్వి సగం హాలు మొహాలు చూసుకుంటే, వాళ్ల పెళ్లిలో వాళ్లే బయటివాళ్లలా అయిపోతారు కదా. అందుకే వాళ్లను పిలిచి మరీ వివరం చెప్పాను, ఆ రోజు ముందుగా నవ్వింది కూడా వాళ్లే. మీరు కూడా మీవాణ్ని ఎరగని మనిషి ఒకరికి చదివి వినిపించండి. మధ్యలో "మీకు తెలీదులెండి, అదో పెద్ద కథ" అని మీ నోట వచ్చిందంటే ఆ ముక్క తీసేయాల్సిందే.

ఆసుపత్రి సంగతి చెప్పే ముందు నాన్నను అడిగాను. జబ్బు, అప్పు, ఉద్యోగం పోవడం లాంటివి మీ కథలో ఉంటే, ఆ కష్టం ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోండి. ఇంకోటి, పెళ్లిలో ఆసుపత్రి మాట ఎత్తాక జనాన్ని ఎక్కువసేపు టెన్షన్‌లో ఉంచకూడదు. నాన్న ఇక్కడే ఉన్నారని వెంటనే చెప్పింది అందుకే. ఆ వాక్యం తర్వాత మాత్రం కాస్త ఆగాను, అందరూ వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు, ఆయన చెయ్యి ఊపారు.

పెళ్లికూతురితో నేరుగా రెండు ముక్కలైనా మాట్లాడండి. చాలామంది స్నేహితులు తమ పాత రోజుల గురించే మాట్లాడి దిగిపోతారు, పాపం ఆ అమ్మాయి ఏ కథలోనూ లేకుండా పక్కన నవ్వుతూ కూర్చుంటుంది. అలాగని "ఇక నీ స్వేచ్ఛ పోయిందిరా", "నీ పని అయిపోయింది" లాంటి జోకులు వద్దే వద్దు. అవి పెళ్లికొడుకు మీద వేసినట్టు కనిపిస్తాయి, తగిలేది అమ్మాయికి. పాత ప్రేమలు, తాగుడు, జీతం, కుదరకుండా పోయిన సంబంధాలు, వీటి జోలికి అసలు పోకండి. వాటి మీద జోకు ఎంత బాగా పేలినా, మర్నాడు ఇంట్లో దాని గురించి సమాధానం చెప్పుకోవాల్సింది మీవాడే.

ఇక హాల్ సంగతి. మన రిసెప్షన్లలో జంట కుర్చీల్లో కూర్చోగానే కవర్లు, బొకేలతో లైను మొదలవుతుంది. ఒకసారి లైను కదిలిందంటే దాన్ని ఆపి మాట్లాడటం ఎవరికీ నచ్చదు, అప్పటికే సగం మంది భోజనాల వైపు వెళ్లిపోయి కూడా ఉంటారు. కాబట్టి జంట స్టేజి ఎక్కిన వెంటనే, లైను మొదలవకముందే మీ వంతు రావాలి. ఇది ఆ రోజు అప్పటికప్పుడు కుదరదు. పెళ్లికొడుకు అన్నయ్యకో బాబాయికో ముందురోజే చెప్పి ఉంచండి, యాంకర్‌కీ డీజేకీ వాళ్ల చేతే చెప్పించండి. పాట పూర్తిగా ఆపమని అడగండి, సౌండ్ తగ్గించి ఉంచితే మీ మాటలు అందులో కలిసిపోతాయి.

మైకు గడ్డానికి దగ్గరగా పట్టుకోండి. స్పీకర్ల ముందుకు నడిస్తే కీచుమని మోగుతుంది, అందుకని జంట పక్కనే నిలబడండి, వాళ్ల మొహాలూ కనిపిస్తాయి. ఫోన్లో చూసి చదవకుండా చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో ప్రతి పేరాకి ఒక మాట రాసుకోండి. నా కార్డు మీద ఉన్నవి ఫ్లైఓవర్, ఆసుపత్రి, చెల్లెమ్మ, చప్పట్లు, అంతే. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉండాలి, నోరు ఎండిపోయేది ఆ రెండు చోట్లే. చప్పట్లు మొదలవగానే మైకు యాంకర్‌కి ఇచ్చేసి, వాళ్లిద్దరితో ఒక ఫొటో దిగి, పక్క మెట్ల మీదుగా దిగిపోండి.