వేలి పక్కన అమ్మ పేరు: పచ్చబొట్టు పదేళ్లకు ఎలా ఉంటుంది?

“వేలి పక్కన ‘పద్మ’ అని, కింద తామర పువ్వు. మొత్తం సెంటీమీటరున్నర. ఈ ఫోటోలో ఉన్నట్టే పదేళ్లు నిలుస్తుందా?”

నిలవదండీ. ఫోటోలో గీతల చుట్టూ చర్మం ఇంకా ఎర్రగా ఉంది, అంటే అది పొడిచిన కొత్తలో తీసినది. చర్మం కింద సిరా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పక్కకు పాకుతుంది. గీత లావెక్కుతుంది, మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. మీ ‘ప’కు పైన ఉన్న సందు మిల్లీమీటరు కూడా లేదు. అది మూసుకుంటే ‘వ’ అవుతుంది, అమ్మ పేరే మారిపోతుంది! మ-వత్తు అయితే ఒక చుక్కలా మిగులుతుంది.

వేలి పక్క చోటు మరీ కష్టం. రాపిడి ఎక్కువ కాబట్టి సన్నగీత అక్కడక్కడా చెరిగిపోతుంది, లోతుగా పొడిస్తే అలుక్కుపోతుంది.

ఇంట్లోనే పరీక్షించండి. బొమ్మను అసలు కొలతలో అచ్చువేసి, ప్రతి గీతనూ రెట్టింపు లావుగా దిద్దండి. చేయి చాచి చూసినప్పుడు పేరు చదవగలిగితే సరే. నేనైతే ముంజేతి లోపలి వైపు, అక్షరం ఒక్కటే సెంటీమీటరున్నర ఎత్తు ఉండేలా వేయించుకుంటాను. తామరకు ఐదు రేకులు చాలు. వేసేవారిని మాత్రం రెండు మూడేళ్లు నిండిన సన్నగీత పనుల ఫోటోలు అడగండి.