బీఎంఐ 44 దగ్గర మొదలుపెడితే మొదటి మూడు నెలలు

ప్రశ్న: మగ, వయసు 38, ఎత్తు 170 సెం.మీ., బరువు 128 కిలోలు. రోజూ గంట నడక మొదలుపెట్టాను. ఐదో రోజుకే మడమ, మోకాళ్ళు పట్టేసి ఆపేయాల్సి వచ్చింది. షుగర్, బీపీ లేవు. ఎలా మొదలుపెట్టాలి? మూడు నెలల్లో నిజంగా ఎంత తగ్గొచ్చు?

జవాబు:

ఐదో రోజున మిమ్మల్ని ఆపింది మడమ కింద ఉండే గట్టి పొర, మోకాలి చుట్టూ ఉండే స్నాయువులు. దమ్ము కొన్ని వారాల్లోనే మెరుగవుతుంది కానీ స్నాయువులు బలపడటానికి నెలలు పడుతుంది. చదునైన నేల మీద నడిచినా ప్రతి అడుగుకీ మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. గంట నడకలో ఒక్కో కాలు దాదాపు మూడు వేల సార్లు ఆ ఒత్తిడి మోస్తుంది. ఓపిక ఉందని నడుస్తూ పోతే కాళ్ళు మొరాయించేది అందుకే.

ఈ మూడు నెలల్లో బరువును దించేది తిండి. మీ బరువున్న మనిషి అరగంట నెమ్మదిగా నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 120-150 కేలరీలు మాత్రమే. కాబట్టి వ్యాయామానికి ఇప్పుడు వేరే పని అప్పగించండి: కొవ్వుతో పాటు కండ కరిగిపోకుండా చూడటం, మూడు నెలల తర్వాత ఎక్కువ నడవగలిగేలా కాళ్ళను సిద్ధం చేయడం.

ముందుగా ఒకసారి డాక్టరును కలవండి. షుగర్, బీపీ లేవన్నది ఎప్పుడో చేయించుకున్న పరీక్షను బట్టి అయితే మళ్ళీ చూపించుకోండి. గట్టిగా గురక పెడుతూ పగలు నిద్ర ముంచుకొస్తుంటే అది కూడా చెప్పండి. ఇది చదివేవాళ్ళలో ఇన్సులిన్, షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్ళు ఉంటే తిండి తగ్గించే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి. లేకపోతే షుగర్ పడిపోవడం, లేచి నిలబడగానే కళ్ళు తిరగడం జరుగుతాయి.

నొప్పి కాస్త తగ్గాక నడకను ముక్కలు చేయండి. మొదటి వారం ఒక్కోసారి 5 నిమిషాలు, రోజుకి మూడుసార్లు, చదునైన చోట, వెడల్పాటి గట్టి అడుగున్న బూట్లతో. తర్వాత ప్రతి వారం ఒక్కో విడతకి ఒక్క నిమిషం చొప్పున పెంచండి. పన్నెండో వారానికి 16 నిమిషాల విడతలు మూడు, అంటే 48 నిమిషాలు అవుతుంది. మొదటి రోజే చేయాలనుకున్న గంటకు దాదాపు చేరుకున్నట్టే. మొదటి రెండు వారాలు ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, అయినా పెంచొద్దు.

పెంచాలా, ఆగాలా అన్నది మర్నాటి ఉదయం చెబుతుంది. నడిచేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటికి మామూలైపోతే సరే. మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ నిన్నటికంటే ఎక్కువ పొడుస్తుంటే కిందటి వారం లెక్కకి వెళ్ళిపోండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, బరువు వేస్తే ఒరిగిపోతున్నా చూపించుకోవాలి. నడకలో ఛాతీ బిగుసుకోవడం, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, కుర్చీ వ్యాయామం చేయండి. చక్రాల్లేని గట్టి కుర్చీని జరగకుండా గోడకి ఆనించి, కూర్చుని లేవడమే. కూర్చున్నప్పుడు తుంటి మోకాలికంటే కిందకి పోతే మోకాలి చిప్ప దగ్గర నొప్పి ఎక్కువవుతుంది. అలా ఉంటే గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. లేవడం మామూలుగా, దిగడం మాత్రం మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా. ఐదుసార్లు, కాస్త ఆగి మళ్ళీ ఐదుసార్లు. పదిసార్లు తేలికయ్యాక దిండు తీసేయండి. దీనితో పాటు గోడ పట్టుకుని రెండు మడమలూ నెమ్మదిగా పైకెత్తి దించడం పదిసార్లు. మడమ నొప్పికి పిక్క బలం చాలా ముఖ్యం.

ఈత కొలను అందుబాటులో ఉంటే అదృష్టమే, ఈత రాకపోయినా పర్లేదు. నడుం లోతు నీళ్ళలో కాళ్ళ మీద పడే బరువు దాదాపు సగమవుతుంది, ఛాతీ లోతులో ఇంకా తగ్గుతుంది. అక్కడ 15-20 నిమిషాల నడక ఒక రోజు నడకకు బదులు సరిపోతుంది. వ్యాయామ సైకిలైతే వీపుకి ఆసరా ఉన్నది మేలు. కొనే ముందు దాని మీద రాసిన గరిష్ఠ బరువు చూడండి, 100-120 కిలోల దగ్గరే ఆగిపోయేవి చాలా ఉంటాయి. పెడల్ దూరంగా ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి.

ఇక తిండి లెక్క. మగవారికి వాడే సూత్రం ప్రకారం:

10 × 128 + 6.25 × 170 − 5 × 38 + 5 = సుమారు 2,160

ఇది ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా ఒంటికి ఖర్చయ్యే కేలరీలు. తక్కువ కదలికకి 1.3తో హెచ్చిస్తే సుమారు 2,800. అందులో 600 తగ్గించి 2,200 దగ్గర మొదలుపెట్టండి. ప్రోటీన్ రోజుకి 100-110 గ్రాములు, మూడు పూటలకీ పంచి. కోత మొదట తీపి పానీయాల మీద, నూనె మీద, తర్వాత పిండిపదార్థం మీద పెట్టండి. చాలామంది ఆత్రంతో 1,200కి దిగిపోతారు. ఇంత బరువున్న మనిషికి అది ఎన్నాళ్ళో సాగదు, కండ పోతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గుతూ పోతే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

కాటా ఎలా కదులుతుందో ముందే తెలిస్తే కంగారు ఉండదు. మొదటి రెండు వారాల్లో రెండున్నర కిలోల దాకా పోవచ్చు. అందులో సగానికి పైగా నీరే, ఎందుకంటే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తర్వాత వేగం పడిపోతుంది, పథకం పనిచేయడం లేదని వదిలేసేది ఎక్కువగా అక్కడే. నిజానికి కొవ్వు మొదటి వారం నుంచీ ఒకే వేగంతో తగ్గుతోంది: రోజుకి 600 చొప్పున వారానికి 4,200 కేలరీలు, కిలో కొవ్వుకి 7,700 లెక్కన అర కిలో పైచిలుకు. పన్నెండు వారాలకి ఆరున్నర కిలోలు, నీటితో కలిపి ఎనిమిది. అంటే 120 దగ్గర. రోజులన్నీ లెక్క ప్రకారం సాగవు కాబట్టి 5 నుంచి 9 కిలోల మధ్య ఎక్కడున్నా బాగా సాగినట్టే. బీఎంఐ అప్పటికీ 41-42 ఉంటుంది. కానీ 5 శాతం, మీకైతే 6.4 కిలోలు, తగ్గినా బీపీ, షుగర్, మోకాళ్ళ మీద ఫలితం కనిపిస్తుంది.

రోజూ ఉదయం ఒకే వేళకి, గట్టి నేల మీద కాటా పెట్టి చూసుకుని, వారం సగటును మాత్రమే పోల్చండి. కొత్తగా కుర్చీ వ్యాయామం పెట్టిన వారం కండరాల్లో నీరు చేరి కిలో దాకా పెరగొచ్చు. వారానికోసారి బొడ్డు దగ్గర నడుం కొలత కూడా రాసుకోండి. మూడు నాలుగు వారాలు సగటూ, కొలతా రెండూ కదలకపోతే తిండి ఇంకా కోయకముందు ఒక వారం వంటనూనెతో సహా అన్నీ తూచి రాయండి. ఎక్కువసార్లు తేడా దొరికేది నూనెలో, సెలవు రోజుల భోజనంలో.

మీ బీఎంఐ 40 దాటింది కాబట్టి మందులు, శస్త్రచికిత్స గురించి అడిగే అర్హత ఇప్పటికే ఉంది. ఈ ప్రయత్నం విఫలమయ్యే దాకా ఆగనక్కర్లేదు, మొదటిసారి డాక్టరును కలిసినప్పుడే అడగండి. మూడు నెలల బరువు, నడుం కొలత, నడక నిమిషాలు రాసిన కాగితం ఉంటే ఆ తర్వాతి నిర్ణయం దాన్ని చూసి తీసుకోవచ్చు.