రంగులు వేసినా నోట్సు చదవలేకపోతున్నాడు

"మా అబ్బాయికి డిస్లెక్సియా, తొమ్మిదో తరగతి. బయాలజీ నోట్సంతా హైలైటర్‌తో రంగులు వేశాం. అయినా పేజీ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదంటున్నాడు."

రంగులు ఎక్కువై ఉంటాయండీ. పేజీ అంతా మెరిస్తే కన్ను ఎక్కడా ఆగదు.

1. మూడే రంగులు పెట్టుకోండి. పేరుకు నీలం, అది చేసే పనికి ఆకుపచ్చ, తరచూ తప్పుపోయే మాటకు నారింజ.

2. చాలామంది వదిలేసేది ఇదే: రంగు పాఠాన్ని బట్టి మారకూడదు. జీర్ణక్రియలో నీలం పేరైతే శ్వాసక్రియలోనూ పేరే. ఈ మూడింటి అర్థం అట్టముక్క మీద రాసి నోట్సులో పెట్టండి. రంగులు కలిసిపోయినట్టు కనిపిస్తే పేరు చుట్టూ గడి, పని కింద గీత.

3. నోట్సును చిన్న ముక్కలుగా విడగొట్టండి. ఒక ముక్కకు ఒకే ప్రశ్న, మూడు నాలుగు పొట్టి వరుసలు:

నోట్లో ఏం జరుగుతుంది?
లాలాజలంలో అమైలేజ్ (నీలం)
పిండిపదార్థాన్ని
చక్కెరగా మారుస్తుంది (ఆకుపచ్చ)

వరుసను మాట మధ్యలో విరవొద్దు, అర్థం తెగే చోటే విరవండి.

4. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి గీతల పుస్తకంలో గీత విడిచి గీత రాయించండి. ముక్కకూ ముక్కకూ మధ్య మూడు గీతలు ఖాళీ. తెల్లకాగితం కళ్లకు కొడుతుందంటే లేత పసుపు కాగితం వాడి చూడండి, కొందరికి హాయిగా ఉంటుంది.

5. చదివేటప్పుడు ప్రశ్న మాత్రం కనిపించేలా కింద అట్ట అడ్డుపెట్టి, జవాబు నోటితో చెప్పించండి. రెండుసార్లు తడబడితే ఆ ముక్క ఇంకా పెద్దదే, రెండు చేయండి.