కొన్న కంపెనీయే ఆ అప్పు తీర్చాలి

మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. అప్పు తెచ్చి కంపెనీని కొని, దాని సంపాదనతోనే ఆ అప్పు తీర్చే లీవరేజ్డ్ బైఅవుట్ల రంగంలోకి వెళ్తానంటోంది. ఇది న్యాయమైన వ్యాపారమేనా? తను ఏం నేర్చుకోవాలి?
– ఒక తండ్రి, గుంటూరు

న్యాయమా కాదా అన్నది అప్పు ఎవరి నెత్తిన పడుతుందో చూస్తే తెలుస్తుంది. 2000లో టాటా టీ తనకంటే చాలా పెద్దదైన బ్రిటన్ కంపెనీ టెట్లీని 27.1 కోట్ల పౌండ్లకు కొన్నది. సొంతంగా పెట్టింది సుమారు 7 కోట్ల పౌండ్లే. మిగిలినది ఈ కొనుగోలు కోసమే బ్రిటన్‌లో పెట్టిన మరో కంపెనీ పేరున తెచ్చిన అప్పు. టెట్లీ టీ అమ్మి సంపాదించే డబ్బే దానికి ఆధారం. అప్పు తీరకపోతే టాటా టీ పెట్టిన సొమ్ము పోతుంది కానీ, బ్యాంకులు ఇక్కడి దాని ఆస్తుల మీదికి రాలేవు.

మీ అమ్మాయిని ఒక చిన్న లెక్క వేయమనండి. ఏటా 20 కోట్లు సంపాదించే కంపెనీని 120 కోట్లకు కొన్నామనుకుందాం. మన సొమ్ము 40 కోట్లు, 10 శాతం వడ్డీకి అప్పు 80 కోట్లు. మొదటి ఏడాది వడ్డీకి 8 కోట్లు పోగా 12 మిగులుతాయి. పన్నుకు 3, యంత్రాల మరమ్మతుకు 3 తీస్తే, అసలుకు కట్టగలిగేది 6 కోట్లు. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది కాబట్టి ఐదేళ్లకు అప్పు 45 కోట్లకు దిగుతుంది. అప్పుడు అదే 120 కోట్లకు అమ్మినా మన చేతికి 75 కోట్లు వస్తాయి.

ఇప్పుడు సంపాదన 20కి బదులు 10 కోట్లు అనుకుని మళ్లీ వేయమనండి. వడ్డీ, పన్ను పోగా మిగిలేది కోటిన్నర. అది మరమ్మతుకే చాలదు. ఇలాంటప్పుడు యజమానులు ముందుగా వాయిదా వేసేది ఆ మరమ్మతునే, ఆ తర్వాత ఉద్యోగులను తగ్గిస్తారు. లాభం బాగానే కనిపిస్తూ యంత్రాలపై ఖర్చు ఏటేటా తగ్గుతోందంటే అనుమానించాలి. మీరడిగిన న్యాయం నాకు ఇక్కడే గుర్తొస్తుంది. కొన్నవారికి పోయేది పెట్టుబడి, కార్మికుడికి పోయేది జీతం. అందుకే ఈ రెండో లెక్క వేయకుండా ఎవరూ సంతకం చేయకూడదని నా గట్టి నమ్మకం.

మన దేశంలో ఈ తరహా కొనుగోళ్లు తక్కువ. పబ్లిక్ కంపెనీ తన వాటాలను కొనేవారికి డబ్బు సాయం చేయడాన్ని, హామీ ఇవ్వడాన్ని కంపెనీల చట్టంలోని 67వ సెక్షన్ అడ్డుకుంటుంది. అందువల్ల తిన్నగా ఈ ఉద్యోగమే కావాలని కూర్చోవద్దనండి. సీఏ పూర్తయ్యాకో, ఎంబీఏ తర్వాతో, బ్యాంకులో కంపెనీలకు రుణాలిచ్చే విభాగంలో రెండు మూడేళ్లు పనిచేస్తే అప్పు ఒప్పందాలు చదవడం వస్తుంది. ఈలోగా ఏదైనా సిమెంటు కంపెనీ వార్షిక నివేదికలో నగదు ప్రవాహాల పట్టిక తెరిచి, పై రెండు లెక్కలూ దాని అంకెలతో వేసి చూడమనండి.